పచ్చసొన చుక్క పడ్డాక తెల్లసొన ఎందుకు లేవదు: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం రాత్రి పదింటికి ఫోన్. నా దగ్గర షిఫాన్ కేక్ నేర్చుకున్న అమ్మాయి. తెల్లవారితే వాళ్ల పాప పుట్టినరోజు. "అక్కా, ఇరవై నిమిషాల నుంచి కొడుతున్నాను, తెల్లసొన గట్టిపడట్లేదు. బీటర్ పాడైందేమో" అంది ఏడుపు గొంతుతో. గిన్నె ఫొటో పెట్టమన్నాను. పైన సబ్బు నురగలా పెద్ద పెద్ద బుడగలు, ఒక పక్కకి వంచితే అడుగున నీళ్లు. "పచ్చసొన ఏమైనా పడిందా అమ్మా?" అని అడిగాను. కాసేపు ఆగి, "ఆరో గుడ్డుకి పడింది, దారమంత. స్పూనుతో తీసేశాను కదా" అంది.

ఇలాంటి ఫోన్ నెలకి ఒకటైనా వస్తుంది. ప్రతిసారీ అనుమానం బీటర్ మీదకో, గుడ్ల మీదకో పోతుంది.

అపోహ: కొంచెం పచ్చసొన పడితే ఏం కాదు, ఇంకాస్త సేపు కొడితే అదే లేస్తుంది.

వాస్తవం: లేవదు. అందరి గుడ్లూ, టైమూ ఎక్కువగా పాడయ్యేది ఈ ఒక్క మాట దగ్గరే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

తెల్లసొనలో దాదాపు 90 శాతం నీరే. మిగిలినదాంట్లో చాలావరకు ప్రోటీన్. మామూలుగా ఆ ప్రోటీన్లు దారపుండల్లా చుట్టుకుని ఉంటాయి. బీటర్ తిప్పేకొద్దీ అవి విచ్చుకుని, లోపలికి వచ్చిన గాలి చుట్టూ చేరి, ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అలా ప్రతి బుడగకీ ఒక గోడ తయారవుతుంది. ఆ గోడల బలమే మనం చూసే స్టిఫ్ పీక్.

పచ్చసొనలో దాదాపు మూడో వంతు కొవ్వు. దానితో పాటు లెసిథిన్ లాంటివి ఉంటాయి. ఇవి గాలీ నీరూ కలిసే అంచు దగ్గరకి వెంటనే చేరిపోతాయి. ప్రోటీన్ నిలబడాల్సిన చోట ఇవి నిలబడతాయి, కానీ పక్కదానితో ముడిపడవు. దాంతో గోడలో సందులు పడి, బుడగ ఎంత త్వరగా వస్తుందో అంత త్వరగా పగిలిపోతుంది. మీరు పదిహేను నిమిషాలు ఎక్కువ కొడితే పదిహేను నిమిషాల పాటు బుడగలు పుట్టి పగులుతాయి, అంతే. పచ్చసొన అక్కడే ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది?

క్లాసులో దీన్ని కళ్లారా చూపిస్తాను. రెండు స్టీల్ గిన్నెల్లో రెండేసి తెల్లసొనలు తీసుకుని, ఒకదాంట్లో టూత్‌పిక్ కొనకి అంటినంత పచ్చసొన వేస్తాను. మొదటిది నాలుగైదు నిమిషాల్లో ముక్కులా నిలబడుతుంది, గిన్నె బోర్లించినా జారదు. రెండోది తెల్లగా అవుతుంది, కాస్త పొంగుతుంది కూడా. అక్కడే మోసపోతాం, ఇంకొంచెం కొడితే వచ్చేస్తుందనిపిస్తుంది. బీటర్ ఆపి పది నిమిషాలు వదిలేస్తే అడుగున నీళ్లు దిగుతాయి.

దీన్ని ఎక్కువ కొట్టి పాడుచేసిన తెల్లసొనతో కలిపేసుకోకండి. ఎక్కువ కొట్టినది ముందు గట్టిపడి, తర్వాత విరిగిన పాలలా ముద్దలు ముద్దలై నీరు వదులుతుంది. పచ్చసొన పడినది అసలు గట్టి దశకే రాదు. మధ్యలో మెరుపు వచ్చిందా లేదా గుర్తు తెచ్చుకోండి, తేడా తెలిసిపోతుంది.

అలాగని గుండుసూది తలంత పడగానే అంతా అయిపోయిందని కంగారు పడొద్దు. ఇంకా కొట్టడం మొదలుపెట్టకపోతే, పచ్చసొన చెదరకుండా ఒక చోటే ఉంటే, తీసేయొచ్చు. స్పూను దాన్ని తోస్తుంది, వేలు ఇంకా దూరం తోస్తుంది. సగం పెంకు తీసుకుని దాని పదునైన అంచుతో, చుట్టూ కొంచెం తెల్లసొనతో సహా తోడేయండి. పెంకు అంచు ఆ జిగురుని కోస్తుంది కాబట్టి సులువుగా వస్తుంది. కలిసిపోయి పసుపు చార కనిపిస్తుంటే మాత్రం ఆ తెల్లసొనని పక్కన పెట్టేయాల్సిందే. పాన్‌కేక్ లాంటి వాటికైతే మెత్తటి నురగ సరిపోతుంది, దానికి వాడుకోవచ్చు. మెరింగ్‌కీ, మాకరోన్‌కీ, షిఫాన్‌కీ వద్దు.

అసలు ఆ పరిస్థితే రాకుండా ఉండాలంటే మూడు గిన్నెలు పెట్టుకోండి. చిన్న గిన్నె మీద ఒక గుడ్డు పగలగొట్టి తెల్లసొన అందులోకి, పచ్చసొన రెండో గిన్నెలోకి వేయండి. చిన్న గిన్నెలోది శుభ్రంగా ఉందని చూసుకున్నాకే పెద్ద గిన్నెలో పోయండి. ఆ ఫోన్ చేసిన అమ్మాయి ఆరు గుడ్లూ నేరుగా పెద్ద గిన్నె మీదే పగలగొట్టింది, చివరి గుడ్డు ముందు అయిదింటినీ పాడుచేసింది. పగలగొట్టేటప్పుడు గిన్నె అంచుకి కాకుండా గట్టు మీద తట్టండి. అంచుకి కొడితే పెంకు ముక్క లోపలికి గుచ్చుకుని పచ్చసొన పొర చిరుగుతుంది.

గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వేరుచేయండి, చల్లగా ఉంటే ఆ పొర గట్టిగా ఉంటుంది. తర్వాత తెల్లసొనని మూతపెట్టి అరగంట బయట ఉంచి కొడితే త్వరగా లేస్తుంది. మే నెలలో మన కిరాణా కొట్లలో ట్రేలు రోజుల తరబడి ఆ వేడిలోనే ఉంటాయి. అలాంటి గుడ్డులో తెల్లసొన నీళ్లలా పలచబడి, పచ్చసొన ముట్టుకుంటే చితికిపోతుంది. తెల్లసొన కొట్టే రోజుకి తాజా గుడ్లే తెచ్చుకోండి.

క్లాసులో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "తర్వాత ఎలాగూ నూనె, పచ్చసొన ఉన్న పిండిలోనే కలుపుతాం కదా మేడమ్, అప్పుడు కూలిపోదా?" చాలా మంచి ప్రశ్న. అప్పటికి బుడగల గోడలు కట్టడం అయిపోయింది. కట్టిన గోడని కొవ్వు అంత తేలిగ్గా కూల్చలేదు, కట్టనివ్వకుండా మాత్రం సులువుగా ఆపగలదు. అయినా నెమ్మదిగా, మూడు విడతలుగా కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టమనేది అందుకే. ఆలస్యమైతే అదీ కుంగుతుంది.

అపోహ: నిమ్మరసం వేస్తే పచ్చసొన పడినా సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. పులుపు, మంచి నురగ విరిగిపోకుండా కాపాడుతుంది. కొవ్వుని తీసేయలేదు. గిన్నె జిడ్డు తుడవడానికి మాత్రం నిమ్మచెక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్లాస్టిక్ గిన్నె వద్దు, ఎంత తోమినా జిడ్డు పట్టుకునే ఉంటుంది.

అపోహ: తెల్లసొనలో ఉండే తెల్లటి తాడు పిల్ల అవుతుంది, తీయకపోతే నురగ రాదు.

వాస్తవం: అది పచ్చసొనని మధ్యలో నిలబెట్టే తాడు. పిల్లకీ దానికీ సంబంధం లేదు, నురగకి అడ్డం కాదు.

అపోహ: చిటికెడు ఉప్పు వేస్తే బాగా లేస్తుంది.

వాస్తవం: ఉప్పు నురగని కాస్త బలహీనపరుస్తుంది. రుచికి కావాలంటే పిండిలో వేయండి.

ఆ రాత్రి పై వాటా వాళ్లనడిగి ఆరు గుడ్లు తెచ్చుకుంది. నన్ను ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఈసారి టీ కప్పులోకి ఒక్కొక్కటే పగలగొట్టింది. నాలుగో గుడ్డుకి పచ్చసొన చితికింది, ఆ కప్పు వరకే పోయింది. మిగిలిన అయిదింటితోనే కొట్టమన్నాను. అయిదు నిమిషాలకి "అక్కా, నిలబడింది!" అని అరిచింది. పాడైన తెల్లసొన, మిగిలిన పచ్చసొనలు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టించాను. పొద్దున ఇంటిల్లిపాదికీ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసిందట.