చౌడు తేలిన కుండీ, మాడిన ఆకు అంచు

పోయిన వేసవిలో మా పిన్ని వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. బాల్కనీలో కుండీలో పెంచుతున్న అరెకా పామ్ ఆకు అది, బాగా దగ్గరగా తీసింది. ఆకు కొనలన్నీ గోధుమ రంగుకు తిరిగి, అప్పడంలా ఎండిపోయి ఉన్నాయి. "ఫంగస్ పట్టినట్టుంది రా, ఏ మందు కొట్టమంటావు?" అని కింద రాసింది.

ఆ ఒక్క ఫొటో చూసి ఏమీ చెప్పలేను. ఆకు కొన మాడడానికి నీళ్లు చాలకపోవడం, ఎండ దెబ్బ, పొటాష్ లోపం, వేరు కుళ్లు, ఉప్పు, ఇలా ఏదైనా కారణం కావచ్చు. అందుకే మరో మూడు ఫొటోలు అడిగాను. కుండీలో మట్టి పైభాగం, కుండీ బయటి గోడతో పాటు కింద పెట్టిన పళ్లెం, మొక్క మొత్తం. ఒక షరతు కూడా పెట్టాను: "ఈ రోజు నీళ్లు పోయకు పిన్నీ, మట్టి ఎండాక రేపు పొద్దున తీసి పంపు."

ఆ షరతుకు కారణం ఉంది. మట్టి తడిగా ఉన్నప్పుడు ఉప్పు కరిగి ఉంటుంది, కంటికి కనబడదు. తడి ఆరేకొద్దీ తెల్లగా పైకి తేలుతుంది. మన పల్లెల్లో వేసవి రాగానే పొలం గట్ల పక్కన చౌడు తేలినట్టే ఇదీ. ఫొటో బాగా రావాలని ముందే మొక్కను కడిగి, కుండీ నిండా నీళ్లు పోస్తే కావలసిన ఆనవాలే చెరిగిపోతుంది.

మర్నాడు ఫొటోలు వచ్చాయి. మట్టి మీద, ముఖ్యంగా కుండీ అంచును ఆనుకుని, లేత పసుపు కలిసిన తెల్లటి పెచ్చు కట్టింది. మట్టి కుండీ బయటి గోడ మీద సున్నం వేసినట్టు చారలున్నాయి. పళ్లెంలో నీళ్లు ఎండిన చోట ఒకదానిలో ఒకటి వలయాలు. ఇక మొక్క మొత్తం తీసిన ఫొటోలో కింది వరస ముదురు ఆకులు ఎక్కువగా మాడాయి, పైన విప్పుకుంటున్న లేత ఆకు మాత్రం పచ్చగా ఉంది.

ఈ ఆనవాళ్లన్నిటినీ కలిపేది నీటి ప్రయాణమే. ఉప్పు తనంతట తాను ఆవిరి కాదు. నీళ్లు ఎక్కడ ఆవిరైతే అక్కడే దాన్ని వదిలేసి పోతాయి. మట్టిలోని నీళ్లు సన్నని సందుల గుండా పైకి పాకి ఉపరితలం మీద ఆరతాయి, కాబట్టి పెచ్చు అక్కడ కడుతుంది. మట్టి కుండీ గోడ నీళ్లను పీల్చి బయటికి వదులుతుంది, కాబట్టి చారలు అక్కడ పడతాయి. వేరు పీల్చుకున్న నీళ్లు ఆకు ఈనెల వెంట కొనల దాకా, అంచుల దాకా వెళ్లి ఆవిరవుతాయి. వాటితో పాటు వెళ్లిన సోడియం, క్లోరైడ్ అక్కడే మిగిలిపోతాయి. మోతాదు మించిన చోట కణాలు చచ్చిపోతాయి. ముదురు ఆకు ఎక్కువ రోజులు నీళ్లు లాగింది కనుక దానిలో ఎక్కువ పోగవుతుంది, ముందు మాడేది అదే. మట్టిలో ఉప్పు ఎక్కువైతే వేరుకు నీళ్లు లాగడమే కష్టమవుతుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క దాహంతో ఉన్నట్టు వాడిపోవడానికి కారణం అదే.

ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో పిన్నినే అడిగాను. వాళ్లది బోరు నీళ్ల అపార్టుమెంటు. తాగడానికి ఆర్‌ఓ మెషిన్ పెట్టుకున్నారు. అది వదిలే నీళ్లు వృథా కాకూడదని బకెట్‌లో పట్టి రెండేళ్లుగా మొక్కలకు పోస్తోంది. నీళ్లు పొదుపు చేయాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆర్‌ఓ మెషిన్ మంచినీళ్లను ఒక గొట్టంలోకి పంపి, ఉప్పంతా మిగిలిన నీళ్లలోకి నెట్టేస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలిపిస్తే బోరు నీళ్లు లీటరుకు 900 మిల్లీగ్రాములు, బకెట్‌లోవి 1200. రోజుకు అర లీటరు పోసినా 0.6 గ్రాములు. ఏడాదికి దాదాపు 220 గ్రాములు! దీనిలో కొంత మొక్క వాడుకుంటుంది, కానీ పళ్లెం దాటి ఒక్క చుక్క బయటికి పోనివ్వని కుండీలో మిగతాది ఎక్కడికి పోతుంది? దానికి తోడు నెలనెలా వేసే ఎరువులోనూ లవణాలుంటాయి.

ఫొటోలో తెల్లగా కనబడిందల్లా ఉప్పు కాదు. బూజు దూదిలా నూగుగా ఉంటుంది, నీడలోనూ తడిలోనూ పెరుగుతుంది. ఉప్పు పెచ్చు గరుకుగా, గట్టిగా ఉంటుంది, గీకితే పొడి రాలుతుంది. కుండీ మిశ్రమంలో కలిపే పెర్లైట్ విడివిడి గుళికలుగా కనబడుతుంది. పైనుంచి ఫ్లాష్ వేసి తీస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి. పక్కనుంచి పడే పొద్దుటి వెలుతురులో తీస్తే నూగు, పెచ్చు, గుళిక తేడా తెలుస్తుంది. ఆకు మీద తెల్లటి మరకలుంటే తడిగుడ్డతో తుడిచి మళ్లీ తీయాలి. పూర్తిగా పోయినా, పలచబడినా అది చాలావరకు చిమ్మిన నీళ్లు ఆరి మిగిలిన గారే. మాడిన అంచు లోపలి నుంచి వచ్చింది, తుడిస్తే పోదు. శిలీంధ్రం మచ్చలైతే చాలావరకు ఆకు మధ్యలో కూడా ఎక్కడపడితే అక్కడ, వలయాలుగా వస్తాయి. ఎండ దెబ్బ సూర్యుడి వైపు తిరిగిన భాగం మీదే పడుతుంది.

ఇంకొక మెలిక ఉంది. పెచ్చు మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగితే అది కాల్షియం కార్బొనేట్, బకెట్ అడుగున పట్టే గారే. అది నీళ్లలో అంతగా కరగదు, ఆకును నేరుగా మాడ్చదు. మాడ్చేవి తేలిగ్గా కరిగే లవణాలు. నీళ్లు ఆరినప్పుడు అవి కూడా అక్కడే పోగవుతుంటాయి కనుక ఆ గారను ఒక గుర్తుగా తీసుకోవాలి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొనలు మట్టి మీద తెల్లటి పెచ్చు లేకుండానే మాడతాయి. పెచ్చు కనబడలేదని నీళ్లకు క్లీన్‌చిట్ ఇవ్వలేం. పొటాష్ లోపమూ ముదురు ఆకుల కొనల నుంచే మొదలవుతుంది. పామ్ జాతిలో చాలావాటికి దానికి తోడు ఆకు మీద పసుపు, నారింజ చుక్కలు వస్తాయి. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని తీసిన ఫొటోలో అవి బాగా కనబడతాయి. పిన్ని పంపిన ఆకులో లేవు.

ఫొటో అనుమానం వరకే తీసుకెళ్తుంది, తేల్చేది మీటరే. కుండీ కింది చిల్లు నుంచి కారిన నీళ్లను గ్లాసులో పట్టి కొలిస్తే 4100 వచ్చింది. ముందు పై పెచ్చును అర సెంటీమీటరు మందాన గీకి తీసేయమన్నాను, లేకపోతే నీళ్లు పోయగానే అదంతా వేళ్ల దగ్గరికే దిగుతుంది. తర్వాత పళ్లెం తీసేసి, పది లీటర్ల కుండీకి నల్లాలో వచ్చే బోరు నీళ్లే ఇరవై లీటర్లు విడతలుగా, ప్రతిసారీ పూర్తిగా కారనిచ్చి పోసింది. చివరి గ్లాసులో 1300. ఆర్‌ఓ బకెట్ నీళ్లు ఇప్పుడు బాల్కనీ తుడవడానికి వాడుతోంది.

మాడిన కొనలు మళ్లీ పచ్చబడవు, అందుకే వాటిని చూసి ఫలితం తేల్చలేం. రెండు నెలల తర్వాత పిన్ని పంపిన ఫొటోలో నేను వెతికింది, ఉప్పు కడిగాక విప్పుకున్న ఆకునే. దాని కొన సూదిలా, చివరిదాకా పచ్చగా ఉంది. కుండీ అంచు దగ్గర మాత్రం సన్నటి తెల్లగీత మళ్లీ మొదలైంది. "ఈ ఆదివారం ఇంకోసారి కడుగు పిన్నీ" అని రాశాను.