తడి గుడ్డ, కన్నీరు, మాడు: పసిబిడ్డ ఒంట్లో నీరు తగ్గిందని తెలిసేదెలా

గుంతకల్లు దగ్గరి ఒక పల్లెలో, మే నెల ఎండల్లో, తొమ్మిది నెలల ఆడబిడ్డకు తెల్లవారుజామున వాంతులు మొదలై, మధ్యాహ్నానికి నీళ్ల విరేచనాలు కూడా పట్టుకున్నాయని అనుకుందాం. వారం క్రితం టీకా వేయించినప్పుడు బిడ్డ బరువు 8 కిలోలు. అవ్వ బిడ్డ నడినెత్తి తడిమి చూసి, మాడు దిగబడిందని, ఆముదం పెట్టమని చెబుతుంది. తల్లి మాత్రం డైపరు మార్చిన ప్రతిసారీ బరువుగానే ఉంది కాబట్టి మూత్రం బాగానే పోతోందని ధైర్యంగా ఉంటుంది. ఈ ఇద్దరిలో అవ్వ చూసిన గుర్తు సరైనదే కానీ చెప్పిన మందు పనికిరాదు. తల్లి లెక్క మాత్రం మొదటికే తప్పు.

నీళ్ల విరేచనాన్ని డైపరు మూత్రం లాగానే పీల్చుకుంటుంది, కాబట్టి దాని బరువును బట్టి ఏమీ చెప్పలేము. డైపరు తీసేసి ఉతికిన నూలు గుడ్డ కట్టి, ఆడబిడ్డకైతే ముందు వైపు కాస్త దూది కూడా ఉంచితే, మూత్రం పోసిందీ లేనిదీ విడిగా తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కిలో బరువుకు గంటకు ఒకటి రెండు మిల్లీలీటర్ల మూత్రం పోస్తుంది. అంటే మన బిడ్డకు ఆరు గంటల్లో కనీసం యాభై మిల్లీలీటర్లు రావాలి, గుడ్డ తడవడానికి అది చాలా ఎక్కువే. ఒంట్లో నీరు తగ్గగానే మూత్రపిండాలు ఉన్నదాన్ని పట్టి ఉంచుతాయి. మూత్రం ముందు ముదురు పసుపు రంగుకు మారి, తర్వాత తగ్గి, చివరికి ఆగిపోతుంది. మిగిలిన రెండు గుర్తుల కన్నా ముందుగా కనిపించేది ఇదే. ఆరు గంటలుగా గుడ్డ తడవకపోతే ఇంట్లో ఎదురుచూడకుండా ఆసుపత్రికి బయలుదేరడం మంచిది.

ఏడ్చినా కన్నీరు రాకపోవడం, నోరు తడారి జిగటగా ఉండటం రెండో గుర్తు. పుట్టిన తొలి వారాల్లో పిల్లలు మామూలుగానే కన్నీరు లేకుండా ఏడుస్తారు కాబట్టి, మూడు నెలలు నిండని బిడ్డలో ఈ గుర్తును లెక్కలోకి తీసుకోకూడదు.

మాడు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నడినెత్తి మీద ఎముకలు ఇంకా కలవని ఈ మెత్తని చోటు సాధారణంగా ఏడాదికీ ఏడాదిన్నరకూ మధ్య మూసుకుంటుంది. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా అది కాస్త లోతుగా కనిపించవచ్చు. ఏడుస్తున్నప్పుడు ఉబ్బి, ఉన్న లోతును దాచవచ్చు. అందుకే బిడ్డ ఊరుకున్నాక, నిటారుగా ఎత్తుకుని, వేలి కొసతో మెల్లగా తడమాలి. చుట్టూ ఉన్న ఎముక అంచు కన్నా స్పష్టంగా గుంట పడినట్టు తగిలితే ఒంట్లో నీరు బాగా తగ్గిందనే అర్థం. రోజూ ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యే ఆ తేడాను బాగా పట్టగలదు. ఈ విషయంలో కొత్త డాక్టరు కన్నా అవ్వే మేలు. మాడు మీద ఆముదం పెట్టినందువల్ల ఒంట్లోకి నీరు చేరదు. మాడు మామూలుగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవడమూ పొరపాటే. కళ్లు గుంటలు పడటం, పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం కూడా చూడాలి.

మన బిడ్డను ఆసుపత్రిలో తూచితే 7.5 కిలోలుంది. పోయిన అర కిలో దాదాపు అంతా నీరే, అంటే బరువులో సుమారు ఆరు శాతం. చికాకుగా ఉన్నా, నీళ్లు చూపిస్తే ఆత్రంగా తాగుతోంది కాబట్టి సెలైను అవసరం పడలేదు. కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున దాదాపు 560 మిల్లీలీటర్ల ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో పట్టాలి. రెండు నిమిషాలకు ఒక టీస్పూను చొప్పున పోస్తే గంటకు 150 మిల్లీలీటర్లు లోపలికి వెళ్తాయి. గ్లాసుతో ఒక్కసారిగా పడితే కక్కేసే బిడ్డకు ఇదే దారి. మధ్యలో వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. లీటరు ప్యాకెట్టును కాచి చల్లార్చిన లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు హాని జరుగుతుంది.

నాలుగు గంటల తర్వాత విరేచనాలు ఆగాయా అని కాదు, గుడ్డ తడిసిందా అని చూడాలి, ఎందుకంటే విరేచనాలు అయిదు నుంచి ఏడు రోజులు సాగవచ్చు. అప్పటివరకు ప్రతి విరేచనానికీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు ఇస్తూ ఉండాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజుల పాటు వేయాలి. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోయినా, పచ్చని పసరు వాంతి చేసుకున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా, వయసు రెండు నెలల లోపైనా, ఈ లెక్కలేవీ వేసుకోకుండా 108కి ఫోన్ చేయాలి.