పాత ల్యాప్‌టాప్‌లో వీపీఎన్: ఐకేఈనా, ఎస్ఎస్‌టీపీనా, ఎల్‌టూటీపీనా? అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఆఫీసులకి, ఇంటి నుంచి పని చేసేటోళ్లకి నెట్‌వర్క్ పనులు చేస్తా నేను. కొత్త ల్యాప్‌టాప్‌లతోని పెద్ద ఇబ్బంది ఉండదు, నా దగ్గరికి వచ్చేవి ఎక్కువ పాతవే, విండోస్ 7, 8.1, లేదంటే ఎన్నడో ఇన్‌స్టాల్ చేసి మళ్ల అప్‌డేట్ ముఖం చూడని విండోస్ 10. బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వేసుకోకుండా విండోస్‌లో ఉన్న వీపీఎన్‌తోనే హైదరాబాద్ ఆఫీసు సర్వర్‌కి కలవాలె. అక్కడ VPN type అని ఒక లిస్టు వస్తది, అందులో ఐకేఈవీ2, ఎస్ఎస్‌టీపీ, ఎల్‌టూటీపీ అనే కలిసే పద్ధతుల్లో ఏది పెట్టుకోవాలె అన్న దాని మీద జనాల్లో ఉన్న అపోహలు రోజూ వింటున్న, అందుకే రాస్తున్న.

అపోహ: పాత ల్యాప్‌టాప్ కదా, పాత ఎల్‌టూటీపీనే దానికి సెట్ అయితది.

వాస్తవం: ఐకేఈవీ2 విండోస్ 7 నుంచే లోపల ఉంది. ఎస్ఎస్‌టీపీ అయితే అంతకంటే ముందు, విస్టా సర్వీస్ ప్యాక్ 1 తోనే వచ్చింది. అంటే మీ చేతిలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మూడూ ఉన్నట్టే. పాత ప్రాసెసర్ ఐకేఈ ఎన్‌క్రిప్షన్ మొయ్యలేదు అనేది కూడా నేను ఒప్పుకోను, ఎందుకంటే ఎల్‌టూటీపీకి సొంతంగా ఎన్‌క్రిప్షన్ అనేదే లేదు, దానికి కూడా కింద ఐకేఈ వాడే ఐపీసెక్ ఎన్‌క్రిప్షనే పని చేస్తది, పైనుంచి ఎల్‌టూటీపీ హెడర్ ఒకటి ఎక్కువ మోస్తది. బరువు తగ్గేది ఏం లేదు, పెరిగేదే. పైగా పాత సెట్టింగుల వల్ల త్రిపుల్ డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ మీద కుదిరితే, కొత్తదైన ఏఈఎస్ కంటే అదే ప్రాసెసర్‌ని ఎక్కువ తింటది.

మరి ఎల్‌టూటీపీ మస్తు మంది దగ్గర వెంటనే ఎందుకు పని చేస్తది, మిగతా రెండూ ఎందుకు మొరాయిస్తయి? దీనికి నేను మళ్ల మళ్ల చూసిన కారణం ఒకటుంది. పాత ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు మీద గుండీ అంత చిన్న బ్యాటరీ ఉంటది, అది చచ్చిపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోతది. ఐకేఈ, ఎస్ఎస్‌టీపీ రెండూ సర్వర్ సర్టిఫికెట్ చూస్తయి, ఆ తేదీకి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి ఒప్పుకోవు. ఎల్‌టూటీపీలో చాలా ఆఫీసులు పెట్టేది ప్రీషేర్డ్ కీ, అంటే అందరికీ ముందే ఇచ్చే ఒక రహస్య పదం, దానికి తేదీతో పనే లేదు, అందుకే కనెక్ట్ అయితది. మొన్న పరకాల నుంచి ఒకాయన ల్యాప్‌టాప్ తెచ్చిండు, "అన్నా, ఎస్ఎస్‌టీపీ అస్సలు పని చేస్తలేదు, తీసేసి ఎల్‌టూటీపీ పెట్టు" అన్నడు. స్క్రీన్ మీద ఎర్రర్ 0x800B0101, అంటే సర్టిఫికెట్ గడువు లోపల లేదని. కింద మూలకి గడియారం చూస్తే 2012. బ్యాటరీ మార్చి టైం సరి చేసిన, ఎస్ఎస్‌టీపీ అట్లనే కలిసింది, వేరే ఏదీ ముట్టుకోలే.

ఇగ ఆ ప్రీషేర్డ్ కీ సంగతి. ఆఫీసు మొత్తానికి ఒకటే కీ, అది వాట్సాప్ గ్రూపులో తిరుగుతది, ఉద్యోగం మానేసినోళ్ల ఫోన్లల్ల కూడా ఉంటది. ఆ కీ తెలిసినోడు మీరు వాడే వైఫైలో కూర్చొని నేనే మీ ఆఫీసు సర్వర్‌ని అని నమ్మించొచ్చు, మీ పాస్‌వర్డ్ మార్పిడిని పట్టుకొని తర్వాత తీరిగ్గా విప్పుకోవచ్చు. దీని గురించి నాకు నిజంగా భయం ఉంది, అందుకే ఎల్‌టూటీపీని నేను ఆఖరికే పెడతా. ఇంకోటి, ఆఫీసు సర్వర్ రౌటర్ వెనక నాట్‌లో, అంటే ఒకటే ఐపీని చాలా మెషిన్లకి పంచే చోట ఉంటే, విండోస్ ఎల్‌టూటీపీ మామూలుగా పోదు, ఎర్రర్ 809 వస్తది. తప్పదు అనుకుంటే ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి ఇది కొట్టి రీస్టార్ట్ చెయ్యాలె:

```
reg add HKLM\SYSTEM\CurrentControlSet\Services\PolicyAgent /v AssumeUDPEncapsulationContextOnSendRule /t REG_DWORD /d 2 /f
```

ఒకటే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకటే ఆఫీసు సర్వర్‌కి ఎల్‌టూటీపీతో కలిస్తే, కొన్ని సర్వర్లతోని రెండోళ్లు ఎక్కంగనే మొదటోళ్లది పడిపోతది, అది కూడా చూసిన.

అపోహ: ఐకేఈకి 809 వచ్చిందంటే నెట్ కంపెనీ వీపీఎన్‌ని బ్లాక్ చేసినట్టే.

వాస్తవం: కావచ్చు, కానీ పాత విండోస్‌లో అంతకంటే ఎక్కువగా కనపడే కారణం వేరే. 809 అంటే అవతలి నుంచి జవాబు రాలేదని మాత్రమే. ఎందుకు రాలేదు అనేది మనం చూసుకోవాలె.

కాజీపేటలో అకౌంట్స్ పని చేసే ఒకామె కేసు చెప్తా. ఇంట్లో ఫైబర్, పాత ల్యాప్‌టాప్‌లో ఐకేఈకి 809. అదే ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీద కలుస్తుంది. అదే ఫైబర్ మీద వాళ్ల తమ్ముడి కొత్త ల్యాప్‌టాప్ కూడా అదే సర్వర్‌కి కలుస్తుంది. ఫైబర్ బ్లాక్ చేస్తే తమ్ముడిది ఎట్ల పోతది? ల్యాప్‌టాప్ ఖరాబైతే హాట్‌స్పాట్ మీద ఎట్ల పోతది? రెండూ బాగానే ఉన్నయి, రెండూ కలిసినప్పుడే పడుతలేదు.

పోయే వచ్చే ప్యాకెట్లని చూపించే వైర్‌షార్క్ పెట్టి చూసిన. మొదటి ప్యాకెట్ యూడీపీ 500 మీద పోయింది, చిన్నది, జవాబు వచ్చింది. అంటే దారి తెరిచే ఉంది. రెండో దశ 4500 మీదికి మారుతది, అక్కడ మన విండోస్ తను నమ్మే రూట్ సర్టిఫికెట్ల గుర్తులు అన్నీ లైనుగా పెట్టి పంపుతది, ఒక్కోటి 20 బైట్లు, పదుల కొద్దీ ఉంటయి. సర్వర్ కూడా తన సర్టిఫికెట్, దాని పై సర్టిఫికెట్ కలిపి పంపుతది. ఈ మెసేజ్ 1500 బైట్లు దాటిందంటే ఐపీ దాన్ని ముక్కలు చేస్తది, ఆ ముక్కల్లో మొదటి దాంట్లోనే పోర్టు నంబర్ ఉంటది, మిగతావి పేరు లేని పార్సిల్ లెక్క, మధ్యలో ఉన్న రౌటరో, ఒకటే ఐపీని చాలా ఇండ్లకి పంచే నాటో వాటిని పారేస్తది. ఆమె ల్యాప్‌టాప్ నుంచి రెండో మెసేజ్ మళ్ల మళ్ల పోతనే ఉంది, ఇటు ఒక్క జవాబు లేదు, ఆఖరికి 809.

దీనికి మందు ఐకేఈ తనే మెసేజ్‌ని చిన్న చిన్నగా విడగొట్టి పంపడం, ప్రతి ముక్కకీ పోర్టు ఉంటది కాబట్టి ఎవరూ పారెయ్యరు. విండోస్ 10లో ఇది 1803 వెర్షన్ నుంచి వచ్చింది. 7లో, 8.1లో లేదు. ఆమె ల్యాప్‌టాప్‌లో `winver` కొడితే 1709. తమ్ముడిది 22H2, అందుకే వాడిది పోయింది, సర్వర్‌లో కూడా ఆ సెట్టింగ్ ఆన్‌లోనే ఉందని దాంతోనే తెలిసింది. సర్వర్ విండోస్ అయితే ఇది దానంతట అది ఆన్ కాదు, 2019 లేదా ఆ తర్వాతి దాంట్లో `EnableServerFragmentation` అని రిజిస్ట్రీలో అడ్మిన్ పెట్టాలె. సీ డ్రైవ్ నిండి ఉండె, ఖాళీ చేసి 22H2 ఎక్కించే సరికి రాత్రంతా పట్టింది, ఆ ఒక్క రోజు పని ఆగకుండా ఎస్ఎస్‌టీపీ పెట్టి ఇచ్చిన. తెల్లారి ఐకేఈ ఫైబర్ మీద మొదటిసారికే కలిసింది.

వైర్‌షార్క్ రానోళ్లకి ఒక చిన్న పరీక్ష:

```
ping vpn.example.com
ping -l 3000 vpn.example.com
```

మీ సర్వర్ పేరు పెట్టి కొట్టండి. మొదటి దానికి జవాబు వచ్చి రెండో దానికి రాకపోతే ముక్కలు ఎక్కడో పడిపోతున్నయి అనేది నా మొదటి అనుమానం. సర్వర్ పింగ్‌కే జవాబు ఇయ్యకపోతే ఈ పరీక్షతో ఏం తేలదు, కొన్ని సర్వర్లు పెద్ద పింగ్‌ని కావాలనే ఆపుతయి కూడా, అప్పుడు హాట్‌స్పాట్ మీద ఒకసారి, ఇంటి నెట్ మీద ఒకసారి పెట్టి పోల్చుకోండి.

809 కాకుండా 13801 వస్తే మాత్రం లైన్‌ని అనకండి, జవాబు వచ్చింది కానీ సర్టిఫికెట్ నచ్చలేదు, తేదీ, సర్వర్ పేరు, రూట్ సర్టిఫికెట్ చూడాలె. 13868 అంటే రెండు వైపులా ఎన్‌క్రిప్షన్ సెట్టింగులు కలుస్తలేవు, అది అడ్మిన్‌తో మాట్లాడుకునేది.

అపోహ: ఎస్ఎస్‌టీపీ 443 మీద పోతది, ఎక్కడా ఆగదు, మరి ఎప్పుడూ అదే పెట్టుకుంటే అయిపోద్ది కదా.

వాస్తవం: హోటల్, హాస్పిటల్, కాలేజీ వైఫైల్లో యూడీపీ మూసేసినప్పుడు ఎస్ఎస్‌టీపీ లాంటిది లేదు, అది నేనే చెప్తా. విండోస్ 7, 8.1 ఉండి ఇంటి లైన్ ముక్కల్ని పారేస్తుంటే కూడా నేను పెట్టేది అదే. కానీ అది పోయిన ప్యాకెట్‌ని మళ్ల పంపే టీసీపీ లోపల నడుస్తది, మీ రిమోట్ డెస్క్‌టాప్ కూడా టీసీపీ మీదనే నడవొచ్చు. సాయంత్రం లైన్ బిజీగా ఉండి ప్యాకెట్లు పోయినప్పుడు లోపలిదీ మళ్లీ పంపుతది, బయటిదీ మళ్లీ పంపుతది, రెండూ ఒకదాని మీద ఒకటి పేరుకుపోతయి. స్క్రీన్ మీద ఎట్ల కనపడ్తదంటే, మీరు టైప్ చేసిన అంకెలు ఐదారు సెకన్లు రావు, తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చి పడ్తయి. స్పీడ్ టెస్ట్ పెడితే నెట్ మంచిగనే ఉన్నట్టు చూపిస్తది. ఇట్ల ఉంటే ఐకేఈకి మార్చి చూడండి, యూడీపీ కాబట్టి ఆ రెండింతల బాధ ఉండదు.

ఇంకో తేడా మనకి కరెంటు పోయినప్పుడు తెలుస్తది. రౌటర్ ఆగిపోతే హాట్‌స్పాట్‌కి మారుతం, ఎస్ఎస్‌టీపీ తెగిపోతది, మళ్ల కలపాలె. ఐకేఈకి మోబైక్ అని ఉంది, సర్వర్ కూడా దాన్ని ఒప్పుకుంటే ఐపీ మారినా కనెక్షన్ అట్లనే ఉంటది. విండోస్ 7లో కనెక్షన్ ప్రాపర్టీస్, Security, Advanced settings లోపల Mobility టిక్ ఉంటది, దాని పక్కన ఎంతసేపు ఆగాలె అనేది కూడా, మామూలుగా 30 నిమిషాలు.

అపోహ: VPN type దగ్గర Automatic పెడితే విండోస్ మంచిదే ఎంచుకుంటది.

వాస్తవం: ఆ లిస్టులో పీపీటీపీ కూడా ఉంది, దాని ఎన్‌క్రిప్షన్ ఎప్పుడో విరిగిపోయింది. సర్వర్‌లో ఎవరో దాన్ని తీసెయ్యడం మర్చిపోతే, ఐకేఈ, ఎస్ఎస్‌టీపీ రెండూ ఆ రోజు ఏదో కారణంతో కలవకపోతే, మీకు తెలువకుండనే దాని మీదికి పోవచ్చు. పైగా ఎర్రర్ వచ్చినప్పుడు అది ఏ ప్రోటోకాల్‌ది అనేది తేల్చుకోవడం కష్టం. రెండు కనెక్షన్లు వేరువేరుగా చేసి పెట్టుకోండి, ఒకటి IKEv2, ఒకటి SSTP, పేర్లు కూడా అవే పెట్టండి. కలవనప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో Application లోపల RasClient, 20227 నంబర్ ఎంట్రీ తెరిస్తే కనెక్షన్ పేరు, ఎర్రర్ కోడ్ రెండూ ఒకటే లైన్‌లో ఉంటయి. నాకు ఫోన్ చేసేటోళ్లని మొదట అడిగేది ఆ లైన్, `winver`లో వెర్షన్, ల్యాప్‌టాప్‌లో తేదీ.