గోడకు ఎన్ని ఇటుకలు, ఎంత మాలు: వృథాను ఎక్కడ కలపాలి?

గోడ కట్టడానికి కావలసిన సామగ్రిని లెక్కించేటప్పుడు చాలామంది మొత్తం మీద పది శాతం ఎక్కువ వేసి సరిపెడతారు. అయితే ఇటుక వృథా అయ్యే తీరు వేరు, సిమెంటు, ఇసుక కలిపిన మాలు వృథా అయ్యే తీరు వేరు, ఇసుక తరిగే తీరు మరీ వేరు. వీటిని విడివిడిగా చూస్తే తప్ప, పని మధ్యలో ఒక వస్తువు చాలకపోవడం, మరొకటి మిగిలిపోవడం ఎందుకు జరుగుతుందో అర్థం కాదు.

5 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఒక గోడను తీసుకుందాం. అందులో 1 మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తుతో ఒక తలుపు, 1.5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తుతో ఒక కిటికీ ఉన్నాయనుకుందాం. మొత్తం వైశాల్యం 15 చదరపు మీటర్లు. అందులోంచి తలుపు, కిటికీల 3.9 చదరపు మీటర్లను తీసివేయాలి. వాటి మీద అడ్డంగా పోసే కాంక్రీటు దూలాలు, అంటే లింటెళ్లు కూడా ఇటుక పని కావు కాబట్టి, రెండింటికీ కలిపి సుమారు 0.46 చదరపు మీటర్లు తీసివేస్తే 10.64 చదరపు మీటర్లు మిగులుతాయి. పైపుల కోసం వదిలే చిన్న రంధ్రాలను లెక్కలోంచి తీయనక్కరలేదు, ఎందుకంటే వాటి చుట్టూ ఇటుకలు కొట్టడంలో పోయేదీ, ఆదా అయ్యేదీ దాదాపు సమానం.

ఇటుక పరిమాణం 190 × 90 × 90 మిల్లీమీటర్లు అనుకుందాం. ఇటుకల మధ్య 10 మిల్లీమీటర్ల మాలు ఉంటుంది కనుక, గోడ ముఖం మీద ఒక్కో ఇటుక 200 × 100 మిల్లీమీటర్ల చోటు తీసుకుంటుంది. అంటే ఒక్క వరస మందానికి చదరపు మీటరుకు 50 ఇటుకలు. మన గోడ నిండు ఇటుక మందం, అంటే 190 మిల్లీమీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 100 పడతాయి. అలా 10.64 చదరపు మీటర్లకు 1064 ఇటుకలు కావాలి.

ఇటుకల వృథా రెండు చోట్ల ఉంటుంది: దించేటప్పుడు విరగడం, గోడ చివర్లలోనూ తలుపు, కిటికీ అంచుల వద్దా ముక్కలుగా కొట్టడం. ఇటుక సరిగ్గా సగానికి పగిలితే రెండు ముక్కలూ పనికొస్తాయి, బాగా కాలని ఇటుకైతే మూడు నాలుగు తునకలై ఏదీ పనికిరాదు. కాబట్టి శాతాన్ని నిర్ణయించే ముందు ఇటుకను పరీక్షించడం మంచిది. రెండింటిని ఒకదానితో ఒకటి తట్టినప్పుడు ఖంగుమని మోగి, మీటరు ఎత్తు నుంచి నేల మీద వదిలినా పగలని ఇటుకలకు 5 శాతం చాలు. మన గోడకు అప్పుడు సుమారు 1120 ఇటుకలు తెప్పించాలి. ఇటుక నాసిరకమైనా, గోడలో ఎక్కువ సందులున్నా 10 శాతం వేసుకోవాలి.

ఇక మాలు సంగతి. ప్రచారంలో ఉన్న సులువు పద్ధతి ఇలా ఉంటుంది: మాలుతో కలిపి ఒక ఇటుక ఆక్రమించే చోటు 0.002 ఘనపు మీటర్లు, ఇటుక ఒక్కదానిది 0.00154 ఘనపు మీటర్లు, ఆ తేడాయే మాలు. 1064 ఇటుకలకు అది 0.49 ఘనపు మీటర్లు అవుతుంది. ఈ లెక్కలో ఒక పొరపాటు దాగి ఉంది. ఇందులో గోడ మందం 200 మిల్లీమీటర్లుగా లెక్కకొస్తుంది, నిజానికి ఉన్నది 190 మాత్రమే. గోడ ముఖానికి ఎక్కడా పూయని 10 మిల్లీమీటర్ల మాలు పొరను మనం లెక్కించినట్టయింది. అసలు మందంతో లెక్కిస్తే ఇటుకల మధ్య పట్టే మాలు 0.38 ఘనపు మీటర్లే. ఇటుక మీద ఉండే గుంట నిండడానికి ఇంకొంత పడుతుంది. ఆ గుంట 100 × 40 మిల్లీమీటర్ల మేర, 10 మిల్లీమీటర్ల లోతు ఉంటే మొత్తానికి 0.04 ఘనపు మీటర్లు. అప్పటికి 0.42 అవుతుంది. తాపీ నుంచి జారిపోయేది, ఎండిపోయి పారేసేది, ఇటుకల ఎగుడుదిగుళ్లలో నిండేది కలిపి 15 శాతం వేస్తే మళ్లీ 0.49 దగ్గరకే చేరుకుంటాం. సులువు పద్ధతిలో వృథా ఇదివరకే కలిసి ఉందన్నమాట. దాని మీద ఇంకో 15 శాతం వేసేవారు ఒకే వృథాను రెండుసార్లు లెక్కిస్తున్నారు.

తడి మాలు 0.49 ఘనపు మీటర్లు రావాలంటే పొడి సిమెంటు, ఇసుక కలిపి అంతకంటే మూడోవంతు ఎక్కువ కావాలి, ఎందుకంటే నీళ్లు పోసి కలిపినప్పుడు సిమెంటు ఇసుక రేణువుల మధ్య ఖాళీల్లోకి చేరిపోతుంది. 0.49ను 1.33తో హెచ్చిస్తే 0.65. కొందరు ఇక్కడ 1.54 వాడతారు, అది కంకర కలిసే కాంక్రీటుకు వాడే సంఖ్య, మాలుకు వర్తించదు. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక కలిపితే మొత్తం ఏడు పాళ్లు. అందులో సిమెంటు 0.093 ఘనపు మీటర్లు, అంటే ఘనపు మీటరుకు 1440 కిలోల చొప్పున సుమారు 134 కిలోలు. 50 కిలోల బస్తాలు మూడు తెస్తే కొంచెం మిగులుతుంది. ఇసుక 0.56 ఘనపు మీటర్లు.

ఈ 0.56 పొడి ఇసుక లెక్క. పని జరిగే చోట ఉండేది సాధారణంగా చెమ్మ ఇసుక. రేణువుల చుట్టూ పట్టిన పలుచని నీటి పొర తన తలతన్యత వల్ల వాటిని దగ్గరగా సర్దుకోనివ్వదు, దాంతో ఇసుక ఉబ్బుతుంది. బరువులో ఐదు శాతం మేర తడి ఉన్నప్పుడు ఈ ఉబ్బు 20 నుంచి 30 శాతం వరకు ఉండవచ్చు, సన్న ఇసుకలో ఇంకా ఎక్కువ. పూర్తిగా నీటిలో మునిగిన ఇసుకలో మాత్రం ఆ పొర పని చేయదు కాబట్టి, అది తిరిగి పొడి ఇసుక పరిమాణానికే వస్తుంది. దీన్ని కొలవడానికి ఒక గాజు పాత్ర చాలు. చెమ్మ ఇసుకను కుక్కకుండా 200 మిల్లీమీటర్ల ఎత్తుకు పోసి, దాన్ని వేరే చోటికి తీసి, పాత్రలో సగం నీళ్లు నింపి, ఇసుకను తిరిగి వేసి కడ్డీతో కలియబెట్టాలి. అడుగున పేరుకున్న ఇసుక 160 మిల్లీమీటర్లే ఉంటే, ఉబ్బు 160 మీద 40, అంటే 25 శాతం. అప్పుడు తెప్పించవలసింది 0.70 ఘనపు మీటర్లు. జల్లెడలో మిగిలే రాళ్లకూ, కుప్ప అడుగున మట్టిలో కలిసిపోయేదానికీ మరో పది శాతం కలిపితే సుమారు 0.8 అవుతుంది.

ఉబ్బును పట్టించుకోకపోతే కనబడే గుర్తు స్పష్టంగా ఉంటుంది. సిమెంటు, ఇసుక లెక్క ప్రకారమే తెచ్చి, పెట్టెతో కొలిచి ఒకటికి ఆరు కలిపినా, రెండూ ఒకేసారి అయిపోయి పై వరసలు మిగిలిపోతాయి. ప్రతి ఆరు పెట్టెల్లోనూ నిజంగా పడింది ఐదు పెట్టెల కంటే తక్కువ ఇసుక కాబట్టి, మాలు మొత్తం ఆరోవంతు తగ్గిపోతుంది.

మాలు చాలకపోవడానికి ఇంకో కారణం వరసల మధ్య మందం పెరగడం. ఇటుకలు వంకరగా ఉంటే మేస్త్రీ మాలుతోనే మట్టం సరిచేయవలసి వస్తుంది. ఇటుకల మధ్య అన్ని వైపులా మాలు మందం 10 నుంచి 15 మిల్లీమీటర్లకు పెరిగితే ఇటుకలు ఏడు శాతం తగ్గుతాయి కానీ, మాలు నలభై శాతానికి పైగా పెరుగుతుంది. దీన్ని మొదటి పది వరసల్లోనే పట్టుకోవచ్చు. పది వరసలు కలిపి మీటరు ఎత్తు రావాలి, అయిదు సెంటీమీటర్లు ఎక్కువ వస్తే మందం 15 అయిందని అర్థం. మన గోడలో కిటికీ మీటరు ఎత్తు నుంచి మొదలవుతుందనుకుంటే, ఆ ఎత్తు వరకు తలుపు సందు పోను 4 చదరపు మీటర్ల పని ఉంటుంది. అప్పటికి సుమారు 400 ఇటుకలు గోడలోకి వెళ్లి, సిమెంటు ఒక బస్తా ఖర్చయి ఉండాలి. ఒకటిన్నర బస్తా అయిపోయిందంటే, వరసల మందం, ఇసుక చెమ్మ రెండింటినీ మళ్లీ చూసి, మిగిలిన 6.64 చదరపు మీటర్లకు సిమెంటును ఆ రేటుతోనే, అంటే రెండున్నర బస్తాలుగా లెక్కకట్టుకోవాలి.