సోజు, బైజియు, వోడ్కా: పిండి చక్కెరయ్యే చోటే అసలు తేడా

సోజును కొరియా వోడ్కా అనీ, బైజియును చైనా వోడ్కా అనీ పరిచయం చేయడం బాగా అలవాటైపోయింది. మూడూ నీళ్లలా తేటగా ఉంటాయి, మూడింటినీ బట్టీ పెట్టే తీస్తారు. అంతకు మించి పోలిక వెతికితే సోజు విషయంలో ఆ మాట సగం నిజం, బైజియు విషయంలో పూర్తిగా తప్పు. ఎందుకో తెలియాలంటే బట్టీ దగ్గర కాదు, దానికి ముందు ధాన్యంలోని పిండి చక్కెరగా మారే చోట మొదలుపెట్టాలి.

ఈస్ట్ చక్కెరను మాత్రమే ఆల్కహాల్‌గా మార్చగలదు, పిండిని ముట్టుకోలేదు. ద్రాక్షలో చక్కెర పుట్టుకతోనే ఉంటుంది. గోధుమ, వరి, జొన్నల్లో ఉండేది పిండి కాబట్టి ముందు దాన్ని ఎవరో ఒకరు విరగ్గొట్టాలి. ఆ పని యూరప్‌లో మొలకెత్తిన బార్లీ చేస్తే, తూర్పు ఆసియాలో బూజు చేసింది. వోడ్కాకీ మిగతా రెండింటికీ దారులు విడిపోయేది ఇక్కడే.

వోడ్కా దారి సూటిగా ఉంటుంది. గోధుమ, రై లేదా బంగాళదుంపను నీళ్లతో జావలా ఉడికిస్తారు. మాల్ట్, అంటే మొలకెత్తించిన ధాన్యంలోని ఎంజైములు గానీ, ఇప్పుడు ఎక్కువగా విడిగా తయారైన ఎంజైములు గానీ పిండిని ముందే చక్కెర చేసేస్తాయి. తర్వాత ఈస్ట్ కలిపితే రెండు మూడు రోజుల్లో పులిసి, పదిశాతం అటూఇటూ ఆల్కహాల్ ఉన్న ద్రవం వస్తుంది. దాన్ని అంతస్తులంతస్తుల పళ్లేలున్న ఎత్తైన స్తంభంలోకి పంపిస్తే, ఆవిరి ఒక్కో పళ్లెం దగ్గర చల్లబడి మళ్లీ మరుగుతూ పైకెక్కే కొద్దీ శుద్ధి అవుతుంది. పైన దొరికేది దాదాపు 96 శాతం ఆల్కహాల్. అప్పటికి ధాన్యం వాసన చాలావరకు పోతుంది, మిగిలిన కొంచెమూ బొగ్గు వడపోతలో తగ్గుతుంది. దానికి నీళ్లు కలిపి 40 శాతం దగ్గరికి దించితే వోడ్కా. వాసన పోగొట్టడమే ఇక్కడ నైపుణ్యం. అందుకే ఏ ధాన్యంతో మొదలుపెట్టారన్నది గ్లాసులో పెద్దగా కనిపించదు. మన దేశంలో మొలాసిస్‌తోనూ, వరి నూకలతోనూ తీసిన స్పిరిట్ నుంచి కూడా వోడ్కా చేయగలుగుతున్నది అందువల్లనే.

బైజియుకు ఉద్దేశమే వేరు. దాని ముఖ్య ధాన్యం జొన్న. మనం రొట్టె చేసుకునే జొన్న కుటుంబమే అయినా, సిచువాన్, గ్వీజౌ ప్రాంతాల వాళ్లు చిన్న గింజ, మందపు తొక్క ఉన్న జిగురు జొన్నను కోరుకుంటారు. దానిలోని పిండి దాదాపు అంతా అమైలోపెక్టిన్ అనే జిగురు రకం కాబట్టి త్వరగా మెత్తబడుతుంది. తొక్క మందం కాబట్టి పదేపదే ఆవిరి పట్టినా గింజ ముద్దకాదు.

రెండో ముడిసరుకు చ్యు అనే ఇటుక. గోధుమను గానీ, బార్లీ బఠానీల మిశ్రమాన్ని గానీ పగలగొట్టి, తడిపి, ఇటుకలుగా అదిమి, గడ్డి పరిచిన గదిలో పేరుస్తారు. ఎవరూ బూజును తెచ్చి కలపరు. గాలిలోనూ, గడ్డిలోనూ, ఆ గదిలోనూ ఉన్న బూజులు, ఈస్టులు, బాక్టీరియా వాటంతటవే చేరతాయి. వాటి ఎదుగుదలతో ఇటుక లోపల వేడి పెరుగుతుంది. ఆ వేడిని ఎక్కడ ఆపుతారన్నదాన్ని బట్టే మద్యం రకం మారుతుంది. తేలిక వాసన ఉండే ఫెన్‌జియు అనే బైజియు రకానికి వాడే ఇటుకలను 50 డిగ్రీలు దాటనివ్వరు. మావోటై అనే మరో బైజియు రకం ఇటుకలను 60 డిగ్రీల పైకి వెళ్లనిస్తారు. ఆ వేడికి ఈస్ట్ చాలామట్టుకు చచ్చిపోతుంది, వేడిని తట్టుకునే బాక్టీరియా మిగులుతుంది, ఇటుక ముదురు రంగు తిరిగి సోయా సాస్‌ను తలపించే వాసన పడుతుంది. బతికున్న ఈస్ట్ తక్కువ కనుక మావోటైలో జొన్న ఎంతో గోధుమ చ్యు కూడా ఇంచుమించు అంతే పడుతుంది.

సిచువాన్‌లోని లూజౌలో చేసే గాఢ వాసన రకాన్ని దగ్గర నుంచి చూద్దాం. అక్కడ పులియబెట్టేది తొట్టెలో కాదు, బంకమట్టి గోతిలో. 1573 నాటివని చెప్పే కొన్ని గోతుల్ని చైనా ప్రభుత్వం 1996లో జాతీయ వారసత్వంగా గుర్తించింది. పాత గోతికి అంత విలువ ఎందుకంటే, దాని మట్టిలో గాలి లేకుండా బతికే క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా ఏళ్ల తరబడి పేరుకుని ఉంటుంది. అది కాప్రోయిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ ఆమ్లం ఆల్కహాల్‌తో కలిస్తే ఈథైల్ హెక్సనోయేట్ అనే ఎస్టర్, అంటే ఆమ్లం ఆల్కహాల్ కలిసి ఏర్పడే రసాయనం, పుడుతుంది. లూజౌ మద్యం మూత తీయగానే అనాసపండు వాసన కొట్టేది దానివల్లే. కొత్త గోతిలో ఆ బాక్టీరియా స్థిరపడలేదు కాబట్టి మద్యం వస్తుంది గానీ ఆ వాసన అంతగా రాదు.

గింజను పిండి చేయకుండా నాలుగైదు ముక్కలుగా మాత్రమే పగలగొడతారు. దానికి నాలుగైదు రెట్లు, గత విడతలో గోతి నుంచి తీసిన పులిసిన ధాన్యం కలుపుతారు. పాతదానిలోని పులుపు చెడ్డ బాక్టీరియాను అదుపులో ఉంచుతుంది, పాత వాసన కొత్తదానికి అందుతుంది. జొన్న తూకంలో ఐదోవంతు, నాలుగోవంతు మధ్య వరి ఊక వేస్తారు. ఊక లేకపోతే జిగురు జొన్న ముద్దకట్టి ఆవిరికి దారి ఉండదు. ఎక్కువైతే మద్యంలో ఊక వాసన తేలుతుంది. అందుకే ఊకను ముందే విడిగా ఆవిరి పట్టి వాసన పోగొడతారు. ఈ మిశ్రమాన్ని ఉడికించి, నేల మీద ఆరబెట్టి, దాదాపు 20 డిగ్రీలకు చల్లబడ్డాక జొన్న తూకంలో ఐదోవంతు చ్యు పొడి చల్లి, గోతిలో నింపి పైన మట్టి మెత్తుతారు. రెండు నెలలు అలాగే ఉంటుంది.

ఇక్కడ గోతిలో ద్రవమే లేదన్నది గమనించండి. తడి ధాన్యం కుప్ప మాత్రమే ఉంది. బూజు ఎంజైములు ఓ పక్క పిండిని చక్కెర చేస్తుంటే, ఆ పక్కనే ఈస్ట్ దాన్ని అప్పటికప్పుడు తినేస్తుంది. చక్కెర ఎప్పుడూ పేరుకోదు, పులియడం నెమ్మదిగా సాగుతుంది. అంత తీరిక దొరకబట్టే బాక్టీరియా తన వాసనలు కలపగలుగుతుంది. చెడిపోయే దారులూ ఇక్కడే ఉన్నాయి. ధాన్యం చల్లారకముందే గోతిలో వేస్తే వేడి వేగంగా పెరిగి ఈస్ట్ అలసిపోతుంది, ఆమ్లం తయారుచేసే బాక్టీరియా రాజ్యమేలుతుంది, పులుపెక్కువై మద్యం తక్కువ దిగుతుంది. పైన మెత్తిన మట్టి ఎండి పగుళ్లిస్తే గాలి దూరి, ధాన్యం పైపొరలో బూజు పట్టి, ఆ కంపు మద్యంలోకి దిగుతుంది. అందుకే పగుళ్ల కోసం రోజూ మట్టి చూసుకుంటారు.

బట్టీ కూడా కుప్పకే పెడతారు. ఇడ్లీ పాత్రను మనిషి నడుము ఎత్తుకు పెంచినట్టుండే జెంగ్ అనే గుండ్రని పాత్రలో, కింది నుంచి ఆవిరి వస్తుండగా ధాన్యాన్ని పల్చగా చల్లుతూ పోతారు. ఎక్కడ ఆవిరి పైకి తేలబోతుంటే అక్కడే గుప్పెడు వేయాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే ఆవిరి వదులుగా ఉన్న చోటు చూసుకుని అటే పోతుంది, మిగతా ధాన్యంలోని ఆల్కహాల్ అందులోనే ఉండిపోతుంది. సరిగ్గా నింపితే మాత్రం ఆ ధాన్యపు పొరలే వోడ్కా స్తంభంలోని పళ్లేల పని చేస్తాయి. కుప్పలో ఐదారు శాతానికి మించని ఆల్కహాల్ ఒకే విడతలో 60 శాతం దాటి దిగడానికి కారణం అదే. ముందు వచ్చే ఘాటైన కొద్దిపాటి మద్యాన్ని పక్కకు తీసి, మధ్య భాగాన్ని దాచి, పలచబడిన చివరి భాగాన్ని మళ్లీ బట్టీలో పోస్తారు. ఎక్కడ కోయాలో పనివాళ్లు గిన్నెలో పడే ధార మీది నురుగును చూసి చెబుతారు. బుడగలు పెద్దగా ఉండి వెంటనే పగిలిపోతే ఘాటు ఎక్కువ. చిన్నవై ఎక్కువసేపు నిలిస్తే తగ్గినట్టు.

మావోటై పద్ధతి ఇంకా సుదీర్ఘం. ఒకే ధాన్యాన్ని ఏడాది పొడవునా తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి, ఎనిమిదిసార్లు పులియబెట్టి, ఏడుసార్లు మద్యం తీస్తారు. దాన్ని కావాలనే తక్కువ ఘాటుకు దించి, ఏళ్లపాటు జాడీల్లో ఉంచి, వేర్వేరు విడతలు కలిపి, 53 శాతం దగ్గర సీసాలో పోస్తారు.

ఇక సోజు. ఒకే పేరు కింద రెండు వేర్వేరు మద్యాలున్నాయి. సంప్రదాయ సోజు బైజియుకు చుట్టం. ఆన్‌డాంగ్ ఊరి సోజులో ఆవిరి మీద ఉడికించిన అన్నం, నీళ్లు, గోధుమతో చేసిన నురుక్ అనే బూజు అచ్చు కలిపి రెండు వారాలు పులియబెడతారు. ఇక్కడా పిండి విరగడం, పులియడం ఒకేసారి జరుగుతాయి. తేడా ఏమిటంటే కుప్ప బదులు కుండలో ద్రవం ఉంటుంది. దాన్ని ఇనప పాత్రలో మరిగించి, పైన మట్టితో చేసిన సోజుత్‌గోరి అనే బట్టీ పాత్ర పెట్టి, సందులను పిండితో మూసి, మీద చల్లటి నీళ్లుంచితే చుక్కచుక్కగా దిగుతుంది. పై నీళ్లు వేడెక్కినా మార్చకపోతే ఆవిరి చల్లబడక గాలిలో కలిసిపోతుంది. మంట పెద్దదైతే అడుగున అన్నం మాడి ఆ వాసన చివరిదాకా వదలదు. ఇప్పుడు కొన్ని కంపెనీలు గాలి తీసేసిన పాత్రలో తక్కువ వేడికే మరిగించి ఈ మాడు వాసనను తప్పిస్తున్నాయి. ఆన్‌డాంగ్ సోజు ఘాటు 45 శాతం.

పచ్చ సీసా సోజు మరో దారి పట్టింది. బియ్యం కొరత వల్ల 1965లో కొరియా ప్రభుత్వం సోజుకు బియ్యం వాడకాన్ని నిషేధించింది. కంపెనీలు చిలగడదుంప, ఆ తర్వాత దిగుమతి కర్రపెండలం వంటి చౌక పిండితో స్తంభపు బట్టీలో 95 శాతం స్పిరిట్ తీయించి, నీళ్లు, తీపి కలిపి అమ్మాయి. నిషేధం తొలగినా ఆ పద్ధతే నిలిచింది. అంటే తయారీలో ఇది వోడ్కా బాటే. వోడ్కా 40 దగ్గర ఆగితే ఇది ఇంకా పలచబడి, తీపి చేర్చుకుంది. అప్పట్లో 30 శాతం ఉన్న ఘాటు 1970లలో 25కి, 2006కి 20 దగ్గరికి, ఇప్పుడు 16 చుట్టుపక్కలకు దిగింది. 360 మిల్లీలీటర్ల సీసాకు ఆ స్పిరిట్ పడేది దాదాపు 61 మిల్లీలీటర్లే.

ఈ ఘాటుల లెక్క తాగేవాళ్లకు అవసరం. మన దగ్గర 42.8 శాతం వోడ్కా 60 మిల్లీలీటర్ల పెగ్గులో అసలు ఆల్కహాల్ దాదాపు 26 మిల్లీలీటర్లు. అదే మోతాదు 16 శాతం సోజులో 160 మిల్లీలీటర్లకు, 53 శాతం బైజియులో 50 మిల్లీలీటర్ల లోపే వచ్చేస్తుంది. సోజు తియ్యగా, తేలిగ్గా దిగుతుంది కాబట్టి సీసా మొత్తం ముగించినవాళ్లు రెండు పెగ్గులకు పైనే తాగినట్టు. చైనా విందుల్లో బైజియును ఒక్కో గుక్కకు సరిపడే చిన్న కప్పుల్లో పోస్తారు. దాన్ని పెగ్గు గ్లాసులో కొలిస్తే లెక్క తప్పుతుంది.

వోడ్కా, బైజియుల తేడా కంటికి కూడా కనిపిస్తుంది. వోడ్కాలో ఎన్ని నీళ్లు పోసినా తేటగానే ఉంటుంది. 53 శాతం బైజియులో సమానంగా చల్లటి నీళ్లు పోస్తే మసకబారుతుంది. జొన్న కొవ్వు ఆమ్లాల నుంచి పుట్టిన బరువైన ఎస్టర్లు ఘాటైన ఆల్కహాల్‌లో కరిగి ఉండి, అది పలచబడగానే విడిపోవడమే కారణం. అది కల్తీ గుర్తు కాదు. 38 శాతం బైజియు తయారుచేసేవాళ్లు ముందు నీళ్లు కలిపి, ఆ మసకను చల్లబరిచి గానీ బొగ్గుతో గానీ వడగట్టాకే సీసాల్లో నింపుతారు. దాంతో కొంత వాసన కూడా పోతుంది.