పాసైన ఏడాదికి పట్టా: ఈ ఆలస్యం ఎక్కడ మొదలైంది?

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు లండన్ యూనివర్సిటీ నమూనాలో మొదలయ్యాయి. పాఠాలు కాలేజీలవి, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే అధికారం యూనివర్సిటీది. ఆ పట్టాను స్నాతకోత్సవంలోనే ప్రదానం చేసేవారు. ఫలితాలకూ స్నాతకోత్సవానికీ మధ్య నెలలు గడిచేవి. ఈలోగా ఉద్యోగానికో పై చదువుకో చూపించడానికి ఒక కాగితం కావాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అంటే పీసీ పని అదే: ఈ అభ్యర్థి ఫలానా నెలలో, ఫలానా క్లాసులో పాసయ్యాడు, పట్టాకు అర్హుడు అని చెప్పడం.

ఇప్పుడైనా తేడా పెద్దగా లేదు. జూన్ 15న చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయనుకుందాం. మెమో కొన్ని వారాల్లో కాలేజీకి చేరుతుంది. అన్ని సెమిస్టర్లూ కలిపిన కన్సాలిడేటెడ్ మెమో, పీసీ సాధారణంగా నెల నుంచి రెండు నెలల్లో అందుతాయి. రీవాల్యుయేషన్ పెట్టినా, పాత సబ్జెక్టు ఒకటి సప్లిమెంటరీలో పాసైనా లెక్క మళ్లీ మొదలు. కన్సాలిడేటెడ్ మెమోలో పాసైన నెల ఆఖరి సబ్జెక్టు గట్టెక్కిన నెల అవుతుంది కాబట్టి, పీసీలో కూడా అదే నెల ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ పట్టా సంగతి వేరు. విద్యార్థులు అర్హత పొందాల్సిన తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం జరగాలని యూజీసీ 2008 నిబంధనలు చెబుతున్నాయి. పై ఉదాహరణలో ఆ తేదీని జూన్ 15గా తీసుకుంటే డిసెంబరు 12తో గడువు ముగుస్తుంది. కానీ స్నాతకోత్సవం వాయిదా పడితే ఓడీ కూడా ఆగుతుంది, అప్పుడు ఏడాది దాటడం కొత్తేమీ కాదు. చాలా చోట్ల స్నాతకోత్సవానికి వెళ్లకుండానే, ఫీజు కట్టి ఓడీకి విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నా మటుకు నాకు అదే మేలు. విదేశీ యూనివర్సిటీలు కొన్ని పీసీతో సీటిచ్చినా, తర్వాత ఓడీ అడుగుతాయి.

మైగ్రేషన్ సర్టిఫికెట్ మాత్రం అడిగితేనే ఇస్తారు. అదే యూనివర్సిటీలో పీజీ చేరితే మామూలుగా టీసీ చాలు. వేరే యూనివర్సిటీకి వెళ్తేనే మైగ్రేషన్ పని. తరచూ ఒకటి రెండు వారాల్లో వస్తుంది. దరఖాస్తుకు టీసీ, మెమో జిరాక్సులు అడుగుతారు. అడ్మిషన్ కౌన్సెలింగ్ దగ్గరపడ్డాక పరుగెత్తితే టెన్షన్ తప్పదు.

వీటన్నిటికన్నా ఎక్కువ ఆలస్యం చేసేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, డిగ్రీ మెమోలో ఒక్క అక్షరంగా ఉంటే ఓడీ దరఖాస్తు వెనక్కి రావచ్చు. సవరణకు పదో తరగతి మెమోనే ఆధారంగా అడుగుతారు, ఆ ఫైలు కదలడానికి మరికొన్ని వారాలు. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు మెమోలను, పట్టాలను డిజిలాకర్‌లో పెడుతున్నాయి గానీ, అక్కడా పేరు కలవకపోతే డాక్యుమెంట్ దొరకడమే కష్టం.