రెండో సప్లయర్‌కి ఎన్ని సీసాలు?

2024 సెప్టెంబర్ చివర్లో హెలీన్ తుపాను అమెరికాలోని నార్త్ కరోలినా కొండల్లో కుండపోతగా కురిసింది. నార్త్ కోవ్ దగ్గరున్న బాక్స్‌టర్ కంపెనీ ఫ్యాక్టరీలోకి వరద నీరు చొరబడింది. ఆ ఒక్క ఫ్యాక్టరీ రోజుకు సుమారు 15 లక్షల సెలైన్, ఇతర ఐవీ ద్రావణాల సంచులు చేసేది. ఆ దేశం వాడకంలో అది దాదాపు 60 శాతం. వారం తిరక్కుండానే చాలా ఆసుపత్రులు అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేశాయి. నోటితో తాగగలిగిన రోగికి సెలైన్ ఎక్కించడం మానేసి నీళ్లు తాగించాయి.

నన్ను ఆకట్టుకున్నది ఆ తర్వాత జరిగిన సంగతి. మిగతా తయారీదారులు తమ దగ్గరున్న సరుకును ముందుగా పాత ఖాతాదారులకే, గతంలో ఎవరెంత కొన్నారో చూసి కోటా వేసి పంచారు. అప్పటిదాకా ఒక్కరి దగ్గరే కొన్నవాళ్లు హఠాత్తుగా రెండో తలుపు తడితే లోపలి నుంచి పెద్దగా జవాబు రాలేదు. ముందునుంచీ కొద్దోగొప్పో కొంటున్నవాళ్లకు మాత్రం ఆ కొద్దీ వచ్చింది.

నేను కొన్నేళ్లు ఓ మోస్తరు ఆసుపత్రిలో స్టోర్స్ చూశాను. ఆర్డర్ మొత్తం ఒకరికే ఇవ్వాలా, ఇద్దరికి పంచాలా అన్న వాదన అక్కడ ఏటా వచ్చేది. "ఇద్దరుంటే నిశ్చింత సార్" అని ఫార్మసిస్టు, "ఇద్దరుంటే రేటు పోతుంది" అని అకౌంట్స్ ఆయన. ఇద్దరి మాటలోనూ సగమే నిజమని లెక్క వేశాక తెలిసింది. ఆ లెక్క చెప్తాను. అంకెలు నోటితో వేసుకునేలా గుండ్రంగా పెట్టాను.

రోజుకు 100 సెలైన్ సీసాలు ఖర్చవుతాయి అనుకుందాం. ఒక్కసారి ఆర్డర్ పెడితే 2,000 సీసాలు. స్టాక్ 900కి దిగగానే ఆర్డర్ వెళ్తుంది, అంటే తొమ్మిది రోజుల సరుకు చేతిలో ఉంది. సప్లయర్ ఎన్నాళ్లకు పంపుతాడన్నది లూడో పాచిక లాంటిది: పాచిక మీద పడ్డ అంకెకు నాలుగు కలపండి. ఒకటి పడితే ఐదో రోజు సాయంత్రం లోడ్ దిగుతుంది, ఆరు పడితే పదో రోజు సాయంత్రం. ఆరు పడిన ప్రతిసారీ పదో రోజంతా మనకు సెలైన్ ఉండదు. ఆరు ఆర్డర్లకు ఒకసారి అన్నమాట. ఇరవై రోజులకో ఆర్డర్ కాబట్టి ఏడాదికి మూడుసార్లు.

ఇప్పుడు అదే ఆర్డర్‌ని చెరి 1,000 చొప్పున ఇద్దరికి ఒకే రోజు పెట్టండి. రెండు పాచికలు వేస్తున్నాం, మనకు కావలసింది వాటిలో చిన్న అంకె. ముందొచ్చిన లోడ్‌తో గండం గడుస్తుంది, రెండోది వచ్చేలోపు ఆ వెయ్యి సీసాలు అయిపోవు. కొరత రావాలంటే రెండింటిమీదా ఆరే పడాలి, ఆ అవకాశం 36లో ఒకటి. ఒక్క పాచిక సగటు మూడున్నర. రెండు వేసి చిన్నది తీసుకుంటే సగటు రెండున్నరకు వచ్చేస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కడూ ముందుకన్నా త్వరగా పంపడం లేదు, అయినా మన చేతికి సరుకు సగటున ఒకరోజు ముందే అందుతోంది. ఆర్డర్‌ని ముక్కలు చేయడంలో ఉన్న గారడీ అంతా ఇదే.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. నేనూ ఆగాను, అకౌంట్స్ ఆయన ఓ ప్రశ్న వేసేదాకా: "అదే కొరత పోవడానికి, ఒక్కడి దగ్గరే కొంటూ ఇంకో వంద సీసాలు దగ్గర పెట్టుకుంటే పోదా?" పోతుంది. ఆర్డర్ గీతను 900 నుంచి 1,000కి జరిపితే, పాచిక మీద ఆరు పడినా సరుకు ఉంటుంది. కొరత అవకాశం 36లో ఒకటి కూడా కాదు, సున్నా. వంద సీసాలంటే గోడవార నాలుగైదు అట్టపెట్టెలు. సీసా ఇరవై రూపాయలనుకుంటే ఒక్కసారి రూ. 2,000 ఇరుక్కుంటుంది, దానిమీద ఏటా పడే వడ్డీ, జాగా ఖర్చు నాలుగైదు వందలు దాటవు. మరి ఆర్డర్‌ని రెండుగా చీల్చితే? లోడ్ చిన్నదైంది కాబట్టి ఇద్దరూ సీసాకు అర్ధరూపాయి పెంచారనుకోండి. ఏడాదికి 36,500 సీసాలు, అదనపు ఖర్చు రూ. 18,250. దిగిన ప్రతి లోడ్‌కీ బ్యాచ్ నంబర్లు రాసుకోవడం, బిల్లు సరిచూడటం రెండింతలు కావడం వేరే సంగతి.

అంటే రోజూ ఉండే ఆలస్యానికి మందు రెండో సప్లయర్ కాదు, గోడవార నాలుగు పెట్టెలు. సరుకు వ్యవహారాల మీద పరిశోధన చేసేవాళ్లు కూడా 1980ల నుంచి ఆర్డర్ చీల్చడాన్ని లెక్కలతో మెచ్చుకుంటూ వచ్చారు. తర్వాత కొందరు రవాణా ఖర్చు, రేటు తేడా కూడా కలిపి చూసి, ఆలస్యాల హెచ్చుతగ్గులు తగ్గించుకోవడానికే అయితే ఇది చాలాసార్లు గిట్టుబాటు కాదని చెప్పారు. నిల్వ ఉండని సరుకు సంగతి వేరు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి సాధారణంగా నిలవవు, వాటిని పెట్టెల్లో పేర్చుకోలేం. సెలైన్ అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటుంది.

అయితే మన పాచికకు ఆరు ముఖాలే ఉన్నాయి. నార్త్ కోవ్ పాచిక మీద ఎవరూ చూడని ఏడో ముఖం ఒకటుంది, దానిమీద రాసి ఉన్నది పది కాదు, నెలలు. ఎన్ని పెట్టెలు పేర్చినా దాన్ని ఆపలేం. మొదటి లైను మళ్లీ నడవడానికే నెలకు పైగా పట్టింది. మన లెక్కలో అది 3,000 సీసాలకు మించిన మాట. రెండో సప్లయర్ నిజంగా పనికొచ్చేది ఈ ముఖం పడ్డ రోజున.

అలాగైతే అతనికి ఎంత ఇవ్వాలి? మామూలు రోజుల కోసమైతే సగం అక్కర్లేదు. పై లెక్కలోనే 1,900 సీసాలు ఒకరికి, 100 సీసాలు రెండోవాడికి పెట్టి చూడండి. చేతిలో 900, చిన్న ముక్క తొమ్మిదో రోజులోపు వస్తే వెయ్యి, పదో రోజు గట్టెక్కుతుంది. కొరత మళ్లీ 36లో ఒకటే! కాగితం మీద వంద సీసాల ఖాతా వెయ్యి సీసాల ఖాతాతో సమానం.

కాగితం మీద. ఒకసారి రెండో స్టాకిస్టుకి అలాగే చిన్న ఆర్డర్ పెట్టాను. వారం దాటాక ఫోన్ చేస్తే, "ఆ రూట్లో బండి నిండాలి కదా అన్నా, మీ నాలుగు పెట్టెలకు బండి పంపితే డీజిల్ కూడా రాదు" అన్నాడు. తప్పు పట్టలేం. మన ఆర్డర్ చిన్నదయ్యే కొద్దీ అతని పాచిక మారిపోతుంది. ఆరు పడే అవకాశం ఆరింట ఒకటి నుంచి సగానికి చేరితే, మన కొరత 36లో ఒకటి నుంచి 12లో ఒకటికి వస్తుంది. పైగా వరద వచ్చిన రోజున కోటా గత కొనుగోళ్ల మీద వేస్తారు కాబట్టి, వంద సీసాల ఖాతాకు వంద సీసాల కోటాయే. అందుకే ఎవరికైనా నా సలహా నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు. అది సూత్రం కాదు. అతని బండి మనకోసం కదిలేంత ఉండాలి, మొదటివాడి రేటు చెడనంత ఉండాలి. ఆ రెండు అంచులూ అడిగి తెలుసుకోవలసినవే.

రేటు దగ్గర ఒక చిక్కుంది. మొత్తం ఆర్డర్ గెలిచినవాడికే అంటే, కంపెనీలు కొటేషన్‌లో చివరి పైసా దాకా దిగుతాయి. ఓడినా 40 శాతం వస్తుందని ముందే తెలిస్తే దిగడం ఎందుకు? మన టెండర్లలో అందరికన్నా తక్కువ రేటు వేసిన ఎల్‌1 రేటుకు, ఆ తర్వాతి తక్కువ రేటు వేసిన ఎల్‌2 ఒప్పుకుంటే 60:40గానో 70:30గానో పంచే పద్ధతి ఉంది. అందులో రెండోవాడు మొదటే హెచ్చు రేటు వేసి, తర్వాత తాపీగా ఎల్‌1 రేటుకు దిగొచ్చు. ఆ నిష్పత్తిని టెండర్ కాగితంలోనే ప్రకటించడం సరైనదే, తర్వాత ఇష్టారాజ్యంగా పంచే వీలుండదు. కాకపోతే చిన్న వాటా ఎంత పెద్దదైతే, మొదటి స్థానం కోసం పోటీ అంత చప్పబడుతుంది. సగం సగం పంపకం అన్నిటికన్నా చెడ్డది. మొదట ఉన్నా రెండోగా ఉన్నా ఒకటే అయినప్పుడు తగ్గేవాడెవడు?

సేవ విషయంలో మాత్రం అదే పంపకం మన చేతిలో పగ్గం అవుతుంది. 70:30 అన్నది ఏడాదంతా రాతి మీద గీత కానక్కర్లేదు. ఆర్డర్ షరతుల్లోనే "మూడు నెలలకోసారి ఆలస్యాలు చూసి పది శాతం అటూ ఇటూ మారుస్తాం" అని రాసుకుంటే, లోడ్లు ఎలా కదులుతాయో చూడాలి. ఒక్కడే ఉన్నప్పుడు ఆలస్యానికి మనం చేయగలిగింది కోపంగా ఉత్తరం రాయడమే.

ఇంతవరకు రెండు పాచికలు ఒకదానికొకటి సంబంధం లేకుండా పడతాయని నమ్మాం. అమెరికాలో ఆ నమ్మకం బెడిసికొట్టబోయింది. హెలీన్ తర్వాత రెండు వారాలు తిరక్కుండానే మిల్టన్ తుపాను ఫ్లోరిడా వైపు వచ్చింది. సెలైన్ చేసే మరో పెద్ద కంపెనీ బి. బ్రౌన్ ఫ్యాక్టరీ అక్కడే, డేటోనా బీచ్‌లో ఉంది. ప్రభుత్వ సాయంతో 60కి పైగా లారీల సరుకును ముందుగానే ఉత్తరాదికి తరలించారు. అదృష్టవశాత్తు ఫ్యాక్టరీకి దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే, ఇద్దరు సప్లయర్లు ఉన్న ఆసుపత్రి కూడా ఒక్కరూ లేని ఆసుపత్రే అయ్యేది.

రెండు పాచికలు దారంతో కట్టి ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు, ఇన్‌వర్డ్ రిజిస్టర్ చాలు. ఇద్దరికీ ఆర్డర్ పెట్టిన తేదీ, లోడ్ దిగిన తేదీ పక్కపక్కన రాయాలి. విడివిడిగా ఒక్కొక్కరు ఆరింట ఒకసారి ఆలస్యం చేస్తుంటే, 36 ఆర్డర్లలో ఇద్దరూ కలిసి ఆలస్యం చేయడం ఒక్కసారి కనిపించాలి. రెండుసార్లంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. మా రిజిస్టర్‌లో రెండేళ్ల లెక్క తీస్తే ఐదుసార్లు తేలింది.

ఇద్దరివీ వేర్వేరు కంపెనీల సీసాలు, వేర్వేరు లేబుళ్లు, వేర్వేరు బిల్లు పుస్తకాలు. ఓ మధ్యాహ్నం ఇద్దరి డెలివరీ చలాన్లూ బల్లమీద పరిచి చూశాను. ఆలస్యమైన ఐదుసార్లూ రెండు చలాన్ల మీదా ఒకే పార్సిల్ ఆఫీసు ముద్ర ఉంది. హైదరాబాద్‌లో ఎక్కేది ఒకే లారీ. ఆ లారీ ఆగితే ఇద్దరూ ఆగేవారు. ఆ తర్వాతి ఏడాది రెండో వాటాను విజయవాడ వైపు నుంచి సొంత బండిలో తెచ్చే ఇంకొకరికి మార్చాం. సీసాకు నలభై పైసలు ఎక్కువ అడిగాడు, ముప్పై దగ్గర ఒప్పుకున్నాడు.